ఆ పనికి ఇది ఎన్నింతలు?

బస్సు టికెట్లు అమ్మే ఒక యాప్ ఉందనుకుందాం. దాని వెనక ఐదుగురు పనిచేస్తున్నారు. సోమవారం పొద్దున్నే వాళ్ల ముందుకు కొత్త పని వచ్చింది. ప్రయాణికుడు తీసుకున్న టికెట్‌ను యాప్‌లోనే రద్దు చేసుకోవాలి, డబ్బు వెనక్కి రావాలి. మేనేజర్ వేసే మొదటి ప్రశ్న ఈ రంగంలో ఉన్నవాళ్లందరికీ తెలిసిందే: ఎన్ని గంటలు పడుతుంది?

ఎనిమిదేళ్లుగా అదే యాప్ మీద ఉన్న డెవలపర్ పన్నెండు అంది. నాలుగు నెలల కిందట చేరిన కుర్రాడు ముప్పై అన్నాడు. ఇద్దరూ నిజమే చెప్పారు. ఆమెకు డబ్బు చెల్లింపుల కోడ్ కొట్టినపిండి. అతను ముందు ఆ కోడ్ చదివి అర్థం చేసుకోవాలి. ఇప్పుడు ప్రణాళికలో ఏ అంకె రాయాలి? సగటు తీస్తే 21 వస్తుంది. అది ఆమె గంటలూ కాదు, అతని గంటలూ కాదు. ఆ పని చివరకు ఎవరి చేతికి వెళ్తుందో కూడా ఇంకా తేలలేదు.

ఇప్పుడు ప్రశ్న మార్చి చూద్దాం. టికెట్ మీద ఫోన్ నంబరు మార్చుకునే సౌకర్యాన్ని ఇదే బృందం పోయిన నెలలో చేసింది. దానితో పోలిస్తే ఇది ఎంత పెద్దది? సీనియర్‌కు ఆ పని ఐదు గంటల్లో అయిపోయేది, ఇది పన్నెండు. కుర్రాడికి అది పన్నెండు పట్టేది, ఇది ముప్పై. గంటల దగ్గర ఇద్దరికీ పొంతన లేదు. కానీ ఎన్నింతలు అని అడిగితే ఇద్దరి నోటా దాదాపు ఒకటే జవాబు: రెండున్నర రెట్లు. ఫోన్ నంబరు పనికి 2 అని పేరు పెడితే టికెట్ రద్దుకు 5. ఆ 2, ఆ 5 స్టోరీ పాయింట్లు. పనిని మరో పనితో పోల్చి చెప్పే ఈ పద్ధతి సాపేక్ష అంచనా. వాడేవాళ్ల అవసరాన్ని వాళ్ల మాటల్లోనే నాలుగు ముక్కల్లో రాసుకున్న చిన్న పనిని ఎజైల్ బృందాలు స్టోరీ అంటాయి. ఆ స్టోరీకి ఇచ్చేది కాబట్టి స్టోరీ పాయింటు.

పల్లెలో ఈ లెక్క కొత్తది కాదు. గట్టు మీద నిలబడి ఒక మడిని చూపిస్తే, పక్క మడికి ఇది రెండింతలుంటుందని అనుభవమున్న రైతు ఇట్టే చెప్పేస్తాడు. దున్నడానికి ఎంతసేపు పడుతుందంటే మాత్రం ఎదురు ప్రశ్న వేస్తాడు. ఎడ్లతోనా, ట్రాక్టరుతోనా? తోలేదెవరు? వాన పడ్డాకా, ముందా? మడి వైశాల్యం దున్నేవాడిని బట్టి మారదు, సమయం మారుతుంది. పాయింటు చెప్పేది ఇంచుమించు ఆ వైశాల్యం లాంటిదాన్నే. ఇంచుమించు అనడానికి కారణముంది. రెండు మళ్లు ఒకే వైశాల్యంలో ఉన్నా ఒకదాన్లో రాళ్లుంటే అది పెద్ద పనే. అందుకే పాయింటులో మూడు విషయాలు కలిసి ఉంటాయి. పని ఎంత ఉంది, ఎంత చిక్కుగా ఉంది, అందులో తెలియనిది ఎంత ఉంది. మూడింటికీ కలిపి ఒకటే అంకె.

ఈ అంకె పుట్టుక వెనక ఒక నిజమైన కథ ఉంది. 1990ల రెండో సగంలో అమెరికాలోని క్రైస్లర్ కార్ల కంపెనీ తన ఉద్యోగుల జీతాల లెక్కల కోసం కొత్త సాఫ్ట్‌వేర్ రాయిస్తోంది. ఆ ప్రాజెక్టును సి3 అని పిలిచేవారు. కెంట్ బెక్, రాన్ జెఫ్రీస్ తదితరులు ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ అనే పద్ధతికి రూపమిచ్చింది అక్కడే. మొదట్లో వాళ్లు ప్రతి స్టోరీకీ ఆదర్శ దినాలు చెప్పేవాళ్లు. ఎవరూ పిలవకుండా, మీటింగులు లేకుండా, ఆ ఒక్క పని మీదే కూర్చుంటే ఎన్ని రోజులు పడుతుందనేది ఆ లెక్క. మామూలు ఆఫీసులో అలాంటి రోజు దొరకదు కాబట్టి దాన్ని ఒక గుణకంతో, తరచుగా మూడుతో, హెచ్చించి అసలు రోజులు చెప్పేవాళ్లు.

చిక్కు అక్కడే వచ్చింది. ఒక రోజు పని చేయడానికి మూడు రోజులెందుకని పై వాళ్లకు అర్థం కాలేదు. రోజు అనే మాట వినగానే ఎవరి మనసైనా క్యాలెండర్ వైపే పోతుంది. ఆ ముందున్న ఆదర్శం అనే మాట చెవికెక్కదు. దాంతో బృందం ఆదర్శ దినం అనడం మానేసి, ఈ పని మూడు పాయింట్లు అనడం మొదలుపెట్టింది. పాయింట్లు తానే కనిపెట్టి ఉండవచ్చని జెఫ్రీస్ తర్వాత రాశారు. పాయింటు అంటే క్యాలెండర్‌తో ముడి తెంపడానికి పెట్టిన పేరన్నమాట. ఈ విషయం గుర్తుంటే, దాన్ని మళ్లీ తీసుకెళ్లి గంటలకు కట్టేయడం ఎందుకు బెడిసికొడుతుందో తేలిగ్గా తెలుస్తుంది.

అసలు గంటలు చెప్పడంలో మనుషులు ఎందుకు తప్పుతారు? దీన్ని కొలిచినవాళ్లున్నారు. రోజర్ బ్యూలర్, డేల్ గ్రిఫిన్, మైకేల్ రాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1994లో ఒక అధ్యయనం ప్రచురించారు. థీసిస్ రాస్తున్న విద్యార్థులను, ఎప్పటికి పూర్తిచేస్తారని అడిగారు. సగటున 34 రోజులన్నారు. పట్టింది 55 రోజులకు పైనే. అన్నీ ఎదురుతిరిగితే ఎంత పడుతుందని కూడా అడిగారు. ఆ మాటకూ సగటున 49 రోజులే అన్నారు. అంటే వాళ్లు ఊహించగలిగిన అతి చెడ్డ పరిస్థితి కన్నా నిజం ఇంకో వారం ఆలస్యంగా వచ్చింది.

సోమరితనం వల్ల జరిగిన పొరపాటు కాదిది. ఒక పనికి సమయం ఊహించమంటే మనసు ఆ పనినే చూస్తుంది, దాని చుట్టూ ఉన్న రోజును చూడదు. డెవలపర్ పన్నెండు గంటలన్నప్పుడు ఆమె కళ్ల ముందు ఉన్నది కోడ్. మధ్యలో ఆగిపోయే సర్వరు, ఇంకొకరి కోడ్ సరిచూసే బాధ్యత, బ్యాంకు నుంచి రావలసిన అనుమతి, బిడ్డకు జ్వరమొచ్చి పెట్టే సెలవు ఆ ఊహలోకి రావు. రెండు పనులను పక్కపక్కన పెట్టి పోల్చమన్నప్పుడు ఈ బెడద సగం తగ్గుతుంది. చుట్టూ ఉన్న అంతరాయాలు రెండింటికీ సమానమే కాబట్టి ఆ పోలికను అవి పెద్దగా చెడగొట్టవు.

మరి పోల్చే పని ఎలా జరుగుతుంది? చాలా బృందాలు వాడే పద్ధతి ప్లానింగ్ పోకర్. జేమ్స్ గ్రెనింగ్ 2002లో దీన్ని రాసిపెట్టారు. మైక్ కోన్ 2005లో తెచ్చిన ఎజైల్ అంచనాల పుస్తకం దీన్ని ప్రపంచమంతా తిప్పింది. ఒక్కొక్కరి చేతిలో అంకెలున్న ముక్కలుంటాయి. స్టోరీ చదువుతారు, అడగాల్సినవి అడుగుతారు, ఎవరికి వారు ఒక ముక్క ఎంచుకుని బోర్లించి పెడతారు. తర్వాత అందరూ ఒకేసారి తిప్పుతారు.

ఆ ఒకేసారి అన్న మాటలోనే కీలకమంతా ఉంది. సీనియర్ ముందుగా ఐదు అనేస్తే మిగతావాళ్ల మనసులో ఉన్న అంకెలు తెలియకుండానే ఐదు వైపు జరుగుతాయి. ట్వెర్‌స్కీ, కానెమన్ 1974లో వివరించిన ఒక ప్రయోగం ఇక్కడ పనికొస్తుంది. అంకెల చక్రం తిప్పి, ఆ తర్వాత ఐక్యరాజ్యసమితిలో ఆఫ్రికా దేశాలు ఎంత శాతమని అడిగారు. చక్రం మీద 10 చూసినవాళ్ల మధ్యగత అంచనా 25 శాతం, 65 చూసినవాళ్లది 45 శాతం. ప్రశ్నకూ చక్రానికీ సంబంధమే లేదు, అయినా కంట పడ్డ అంకె మనసును లాగింది. అలాంటప్పుడు ఎదురుగా కూర్చున్న అనుభవజ్ఞురాలు చెప్పిన అంకె కొత్త కుర్రాడిని ఎంత లాగుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ముక్కల మీద ఉండే అంకెలు సాధారణంగా 1, 2, 3, 5, 8, 13. ఆ పైన 20, 40, 100. మొదటి వరసలో ప్రతి అంకె దాని ముందరి రెండింటి మొత్తం. లోకం దీన్ని ఫిబొనాచ్చి శ్రేణి అంటుంది గానీ, ఛందస్సు చదివిన తెలుగువాళ్లకు ఇది పాత నేస్తమే. లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు. రెండు మాత్రలను లఘుగురువులతో రెండు విధాల అమర్చవచ్చు, మూడింటిని మూడు విధాల, నాలుగింటిని ఐదు విధాల, ఐదింటిని ఎనిమిది విధాల, ఆరింటిని పదమూడు విధాల. ఫిబొనాచ్చి కన్నా ముందే, 12వ శతాబ్దంలో హేమచంద్రుడు మాత్రాఛందస్సును వివరిస్తూ ఈ లెక్క చెప్పాడు. అంతకు శతాబ్దాల ముందు విరహాంకుడూ చెప్పాడు.

అంచనాల్లో ఈ శ్రేణి వాడటానికి కారణం అంకెల మధ్య పెరిగే ఎడం. ఒకటికీ రెండుకీ ఉన్న తేడా చేత్తో తూచినా తెలుస్తుంది. పద్దెనిమిదికీ పంతొమ్మిదికీ ఉన్న తేడా ఎవరికీ తెలియదు. పని పెద్దదయ్యేకొద్దీ మన అంచనా మసకబారుతుంది కాబట్టి ముక్కలు కూడా దూరం జరుగుతాయి. 13 తర్వాత 21 రావలసిన చోట 20 ఉంచడం కూడా అందుకే. 21 అని రాస్తే ఎవరో ఖచ్చితంగా కొలిచి చెప్పినట్టు ఉంటుంది.

మళ్లీ మన బృందం దగ్గరికి వద్దాం. టికెట్ రద్దు స్టోరీకి ముక్కలు తిప్పారు. ముగ్గురు 5 వేశారు. ఒక డెవలపర్ 3 వేశాడు. టెస్టర్ 13 వేసింది.

ఇలాంటప్పుడు చాలామందికి వచ్చే ఆలోచన సగటు తీసి ముందుకు పోవడం. అలా చేస్తే ఈ పద్ధతి పెట్టుకుని లాభం లేదు. చెప్పవలసినవాళ్లు ఆ రెండు చివర్లలో ఉన్నవాళ్లే. ముందు మూడు వేసినతన్ని అడిగారు. డబ్బు వెనక్కి పంపే పనంతా చెల్లింపుల కంపెనీయే చూసుకుంటుంది, మనం ఒక్క కబురు పంపితే చాలు అన్నాడు. తర్వాత టెస్టర్ వంతు.

"నలుగురి పేరు మీద తీసిన టికెట్‌లో ఇద్దరే మానుకుంటే ఏం చేస్తాం అన్నా? మిగతా ఇద్దరికీ అదే సీట్లు ఉండాలి కదా. ఆ టికెట్‌కు కూపన్ వాడి ఉంటే తగ్గింపు ఎవరి వాటాలోంచి తీసేయాలి?"

గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. ఇలా కొంతమంది మాత్రమే రద్దు చేసుకునే వీలు కావాలా అని ప్రొడక్ట్ ఓనర్‌ను అడిగారు. కావాలి గానీ మొదటి విడతలో అక్కర్లేదని ఆయన చెప్పాడు. దాంతో స్టోరీని రెండుగా చీల్చారు. టికెట్ మొత్తం రద్దు చేయడం ఒకటి, కొందరి ప్రయాణం మాత్రమే రద్దు చేయడం ఇంకొకటి. మళ్లీ ముక్కలు వేస్తే మొదటిదానికి అందరూ 5 వేశారు. రెండోదానికి నలుగురు 8, ఒకరు 5. మరో రెండు మాటల తర్వాత 8కే కుదిరారు. మొత్తం పట్టింది పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో దొరికిన అసలు లాభం 5, 8 అనే అంకెలు కావు, కూపన్ ప్రశ్న. ఆ ప్రశ్న కోడ్ రాశాక వచ్చి ఉంటే రాసినదాన్ని విప్పి మళ్లీ కుట్టాల్సి వచ్చేది.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ యాప్ యజమానికి కావలసింది తేదీ. పాయింట్లు చెబితే ఆయనకు ఏం లాభం? ఇది న్యాయమైన ప్రశ్న. దీనికి జవాబు వెలాసిటీ అనే లెక్కలో ఉంది. బృందం రెండు వారాలకొక విడత చొప్పున, అంటే స్ప్రింట్ చొప్పున, పనిచేస్తుంది. గడిచిన ఐదు స్ప్రింట్లలో పూర్తయిన స్టోరీల పాయింట్లు వరసగా 21, 26, 19, 24, 20. మొత్తం 110, సగటు 22. సగం అయిన స్టోరీలు ఈ లెక్కలోకి రావు. పూర్తయితే పాయింట్లన్నీ వస్తాయి, కాకపోతే సున్నా.

ఇంకా చేయవలసిన స్టోరీల మొత్తం 130 పాయింట్లు అనుకుందాం. సగటున సాగితే ఆరు స్ప్రింట్లు పడుతుంది. 19 చొప్పున నడిస్తే ఏడు, 26 చొప్పున పరిగెత్తితే ఐదు. కాబట్టి యజమానికి చెప్పే మాట: పది నుంచి పద్నాలుగు వారాలు, పన్నెండు దగ్గర తేలవచ్చు. గమనించవలసింది ఏమిటంటే ఈ వారాలు ఎవరూ ఊహించినవి కావు. ఊహించింది పని పరిమాణాన్ని. సమయం మాత్రం, ఈ బృందం ఈ ఆఫీసులో, ఈ మీటింగుల మధ్య, ఈ సెలవులతో నిజంగా ఎంత చేసిందో చూసి లెక్కగట్టినది. క్రైస్లర్‌లో మూడుతో హెచ్చించిన గుణకం ఇప్పుడు విడిగా అక్కర్లేదు, అది 22 లోపలే ఇమిడిపోయింది. గంటలతో అంచనా వేస్తే పరిమాణాన్నీ వేగాన్నీ రెండింటినీ ఒకే ఊహలో కలిపేస్తాం, తర్వాత తప్పు ఎక్కడ జరిగిందో విడదీయలేం.

ఈ పద్ధతి చెడిపోయే తీరు కూడా చాలాచోట్ల ఒకేలా ఉంటుంది. ఎవరో ఒకరు గోడ మీద పట్టిక అంటిస్తారు: ఒక పాయింటు అంటే ఎనిమిది గంటలు. ఆ క్షణం నుంచి బృందంలో ఎవరూ పనులను పోల్చరు. మనసులో గంటలు అనుకుని, ఎనిమిదితో భాగించి ముక్క వేస్తారు. పేరు పాయింటే, లోపల ఉన్నది పాత గంటే. పైగా సీనియర్ చేస్తే ఎంత, కొత్తవాడు చేస్తే ఎంత అనే మొదటి తగువు యథాతథంగా తిరిగొస్తుంది.

హైదరాబాదులో సేవల కంపెనీల నుంచి పనిచేసే బృందాలకు ఈ ఒత్తిడి ఇంకో దారిలో వస్తుంది. చాలా ఒప్పందాల్లో విదేశీ ఖాతాదారు డబ్బిచ్చేది గంటలకు. రోజూ సాయంత్రం టైమ్‌షీట్ నింపాలి. బృందం పాయింట్లలో ప్రణాళిక వేసుకుంటే, లెక్కల విభాగం గంటలు అడుగుతుంది. రెండింటికీ పొత్తు కుదరాలని ఎవరో ఒకరు మార్పిడి సూత్రం తయారుచేస్తారు. నిజానికి పొత్తు కుదరవలసిన అవసరమే లేదు. టైమ్‌షీట్ చెప్పేది గడిచిన కాలం, బిల్లుకు అది చాలు. పాయింటు చెప్పేది రాబోయే పని పరిమాణం. రెండు పుస్తకాలనూ విడివిడిగా ఉంచుకోవడంలో ఏ తప్పూ లేదు.

రెండో చెడుగు ఇంతకన్నా ప్రమాదకరం. మన బృందం వెలాసిటీ 22 అని చూసి పై అధికారి, వచ్చే త్రైమాసికానికి 28 చేయాలంటాడు. బృందం చేస్తుంది కూడా. ఎలాగంటే, నిన్నటిదాకా 3 అన్న పనికి ఈరోజు ముక్కలు తిప్పితే 5 పడుతుంది. ఎవరూ కూడబలుక్కోరు, అబద్ధం చెప్పాలనీ అనుకోరు. సందేహం వచ్చినప్పుడల్లా చెయ్యి పెద్ద ముక్క మీదికి పోతుంది, అంతే. దీన్ని కనిపెట్టడానికి సులువైన దారులు రెండున్నాయి. ఒకటి, స్ప్రింట్‌లో పూర్తయిన స్టోరీల సంఖ్య లెక్కపెట్టడం. పాయింట్లు 22 నుంచి 29కి పెరిగి, స్టోరీలు అప్పుడూ ఆరే ఇప్పుడూ ఆరే అయితే ఉబ్బింది అంకె మాత్రమే. రెండు, కొలబద్దగా పెట్టుకున్న పాత స్టోరీని తీసి మళ్లీ ముక్కలు వేయించడం. ఫోన్ నంబరు పనికి ఒకప్పుడు పడ్డ 2, ఇప్పుడు 3 అయితే కొలత జరిగిపోయిందని అర్థం.

ఈ బృందం వెలాసిటీ 22, ఆ బృందానిది 40 అని పోల్చి, రెండోది మెరుగైనదనుకోవడం కూడా ఈ కోవలోదే. వాళ్ల 2 ఏ పనికి పెట్టారో వీళ్లకు తెలియదు. ఒక ఊరి కుంచంతో ఇంకో ఊరి ధాన్యం కొలిచినట్టే. ఇలాంటి వాడకాలు చూసే జెఫ్రీస్ 2019లో, పాయింట్లు కనిపెట్టింది తానే అయితే అందుకు ఇప్పుడు విచారిస్తున్నానన్న అర్థంలో రాశారు. స్క్రమ్ పద్ధతికి మూలమైన స్క్రమ్ గైడ్‌లో స్టోరీ పాయింటు అన్న మాటే లేదు. అది తప్పనిసరి నియమమని చాలామంది అనుకోవడం ఉత్త అలవాటు.

పద్ధతికి ఉన్న హద్దులు కూడా చెప్పుకోవాలి. సీనియర్‌కూ కొత్తవాడికీ రెండున్నర రెట్లని ఒకే మాట రావడం ప్రతిసారీ జరగదు. ఒక పని ఆమెకు బాగా తెలిసిన కోడ్‌లోనూ, ఇంకొకటి ఇద్దరికీ తెలియని చోటా ఉంటే నిష్పత్తులు వేరవుతాయి. అప్పుడు ముక్కలు కుదరవు, మాట్లాడుకోవడమే దారి. కొత్తగా కలిసిన బృందానికి మొదటి రెండు మూడు స్ప్రింట్ల వెలాసిటీ నమ్మదగినది కాదు. ఐదుగురిలో ఇద్దరు మారిపోతే పాత 22 కూడా చెల్లదు. ఇక స్టోరీలను దాదాపు ఒకే పరిమాణంలో చిన్నగా కోసుకోగలిగిన బృందాలు పాయింట్లు వదిలేసి, స్ప్రింట్‌కు ఎన్ని స్టోరీలు అయ్యాయో లెక్కపెట్టుకుంటాయి. వాళ్లకు అది సరిపోతుంది. రేపు ఎల్లుండి చేసే పనిని గంటల్లో చీల్చుకునే బృందాలూ ఉన్నాయి. అంత దగ్గరి పనికి, ఎవరు చేస్తారో తెలిశాక, గంటలు వాడటం పెద్ద పొరపాటు కాదు.

మన బృందంలో టికెట్ మొత్తం రద్దు చేసే స్టోరీ అనుకున్నట్టే అయింది. రెండో స్టోరీ, కొందరి ప్రయాణం మాత్రమే రద్దు చేసేది, కూపన్ లెక్కల దగ్గర ఇరుక్కుంది. ఒక స్ప్రింట్‌లో పూర్తికాక రెండోదానికి జారింది. అయ్యాక కుర్రాడు అడిగాడు, ఇది నిజానికి 13 పని కదా, కార్డు మీద అంకె మార్చేద్దామా అని. సీనియర్ వద్దంది. చేసి చూశాక అంకె దిద్దితే, కొన్ని స్టోరీలకు ముందు చూపుతో పెట్టిన కొలత, కొన్నింటికి అనుభవంతో పెట్టిన కొలత అవుతుంది. రేపు కొత్తగా వచ్చే స్టోరీలన్నింటికీ ముందు చూపుతోనే కదా అంకె పెట్టేది. ఈసారి చిన్నదనుకున్నది పెద్దదైంది, ఇంకోసారి పెద్దదనుకున్నది చిన్నదవుతుంది. రెండూ వెలాసిటీలో కలిసిపోతాయి. ఆ స్ప్రింట్‌కు బోర్డు మీద 16 పడింది, తర్వాతి దానికి 27. కార్డు మీద 8 అలాగే ఉంచి, పూర్తయినవాటి వరసలో పెట్టారు.